చదరపు తరంగంలో దాగిన సైన్‌లు: నెల్లూరు తీరం నుంచి ఒక సమీక్ష

ఇందుకూరుపేట నుంచి ముత్తుకూరు దాకా, అటు విడవలూరు, అల్లూరు వైపూ రొయ్యల గుంటలున్న చోటల్లా కరెంటు పోవడమంటే భయమే. ఏరేటర్లకు డీజిల్ జనరేటర్ ఉంటుంది. కాపలా షెడ్డులోని ఫ్యానుకూ లైటుకూ మాత్రం బ్యాటరీ మీద నడిచే చౌకరకం ఇన్వర్టరే దిక్కు. లైను కరెంటు మీద చప్పుడు లేకుండా తిరిగిన ఫ్యాను ఇన్వర్టర్ మీదకు రాగానే గుయ్‌మంటుంది, వేగం కొంచెం తగ్గుతుంది, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి సరిపడా ఉన్నట్టే కనిపిస్తుంది. మరి తేడా ఎక్కడుంది?

తేడా తరంగం ఆకారంలో ఉంది. లైనులో వచ్చేది సెకనుకు 50 సార్లు మెల్లగా లేచి దిగే సైన్ తరంగం. చౌక ఇన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్లు బ్యాటరీని ఒకసారి ఇటు, ఒకసారి అటు కలుపుతాయి. అందువల్ల వోల్టేజి 10 మిల్లీసెకన్లు +230 దగ్గర బల్లపరుపుగా ఉండి, వెంటనే -230కి దూకి, మరో 10 మిల్లీసెకన్లు అక్కడ ఉంటుంది. దీన్నే స్క్వేర్ వేవ్, చదరపు తరంగం అంటాం. మెట్టులా ఉండే ఈ తరంగాన్ని నున్నటి సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చునని జోసెఫ్ ఫూరియే 1807లో పారిస్‌లో సమర్పించిన పత్రంలో అన్నాడు. ఈ మాట ఎంతవరకు నిజం, ఎక్కడ తడబడుతుంది, దానివల్ల తీరంలోని మోటారుకూ కెపాసిటర్‌కూ ఏమవుతుంది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలు మొదటిదానికి సూత్రం ఇచ్చి ఆగిపోతాయి.

ముందు విడగొట్టడం ఎలాగో చూద్దాం. మొత్తంలో ఫలానా సైన్ ఎంత ఉందో తెలియాలంటే, తరంగాన్ని ఆ సైన్‌తో గుణించి ఒక ఆవృత్తి అంతటా సగటు తీసి, దాన్ని రెట్టింపు చేస్తే చాలు. వేర్వేరు హార్మోనిక్స్‌ను ఒకదానితో ఒకటి గుణించి సగటు తీస్తే సున్నా వస్తుంది కాబట్టి మిగతావి అడ్డు రావు. చదరపు తరంగం విషయంలో ఈ లెక్కను కలనగణితం లేకుండా కంటితోనే చూడవచ్చు. మొదటి సగంలో, అంటే 10 మిల్లీసెకన్లలో, తరంగం స్థిరంగా 1 అనుకుందాం. రెండింతల పౌనఃపున్యమున్న సైన్‌కు ఆ సగంలో ఒక పైదిబ్బ, ఒక కిందిదిబ్బ ఉంటాయి. స్థిరమైన ఎత్తుతో గుణిస్తే రెండూ పూర్తిగా చెల్లిపోతాయి. కాబట్టి రెండో హార్మోనిక్ లేదు. నాలుగోది, ఆరోది కూడా ఇలాగే పోతాయి. మూడింతల సైన్‌కు అదే సగంలో రెండు పైదిబ్బలు, మధ్యలో ఒక కిందిదిబ్బ. ఒక జత చెల్లిపోగా ఒక పైదిబ్బ మిగులుతుంది. ఆ దిబ్బ వెడల్పు మొదటి సైన్ దిబ్బలో మూడో వంతు కాబట్టి వైశాల్యమూ మూడో వంతే. ఐదోదానికి రెండు జతలు చెల్లి, ఐదో వంతు వైశాల్యమున్న దిబ్బ ఒకటి మిగులుతుంది. అంతకు మించి ఇందులో రహస్యం లేదు:

f(t) = (4/π) [ sin ωt + (1/3) sin 3ωt + (1/5) sin 5ωt + (1/7) sin 7ωt + … ]

ముందున్న 4/π అంటే 1.273. మొదటి సైన్ శిఖరం అసలు చదరం కంటే 27 శాతం ఎత్తన్నమాట. ఇందులో పొరపాటేమీ లేదు. మూడోది మధ్యలో దాన్ని కిందికి లాగుతుంది, ఐదోది కొంత తిరిగి లేపుతుంది. సగం ఆవృత్తికి సరిగ్గా నడుమ మొత్తం ఎలా నడుస్తుందో చూడండి: ఒక పదంతో 1.273, రెండు పదాలతో 0.849, మూడింటితో 1.103, నాలుగింటితో 0.922. పది పదాల తర్వాత కూడా 0.968 మాత్రమే. చివరకు 1కి చేరాలంటే 1 - 1/3 + 1/5 - 1/7 … మొత్తం π/4 కావాలి. అది కేరళలోని సంగమగ్రామ మాధవుడి పేరుతో 14వ శతాబ్దం నుంచి మన గణిత సంప్రదాయంలో ఉన్న శ్రేణే. వృత్త పరిధి కోసం పుట్టిన శ్రేణి చదరపు తరంగం నడుమ ప్రత్యక్షం కావడం నాకు ఈ విషయం మొత్తంలో అత్యంత ప్రియమైన ఘట్టం. ఆ శ్రేణి ఎంత మందకొడిగా నడుస్తుందో మాధవుడి సంప్రదాయంలోని వాళ్లకు బాగా తెలుసు. అందుకే వాళ్లు చివర కలిపే దిద్దుబాటు పదాలను కూడా కనిపెట్టారు.

ఫూరియే దీన్ని విద్యుత్తు కోసం చేయలేదు. ఒక పొడవాటి పలక అడుగు అంచును స్థిరమైన వేడిలో, రెండు పక్కలనూ సున్నాలో ఉంచితే లోపల వేడి ఎలా పరుచుకుంటుందన్నది ఆయన ప్రశ్న. 1822లో అచ్చయిన ఆయన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో అడుగు అంచు మీది ఆ స్థిర ఉష్ణోగ్రతను కొసైన్‌లతో రాసిన శ్రేణి మనం పైన చూసినదే, కాకపోతే పావు ఆవృత్తి జరిగింది. 1807 పత్రాన్ని పరిశీలించిన లగ్రాంజ్ అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరం అర్థంలేనిదేమీ కాదు. విడివిడిగా ఏ సైన్‌కూ తెంపు లేదు, మూల లేదు. ఎన్ని నున్నటివి కలిపినా మెట్టు ఎలా వస్తుంది? పరిమిత సంఖ్యలో కలిపితే ఎప్పటికీ రాదు, ఆ మాట నేటికీ నిజం. అనంతంగా కలిపినప్పుడు ఏమవుతుందో 1829లో డిరిక్లె నిరూపించాడు. ముక్కలు ముక్కలుగా నునుపుగా ఉన్న తరంగానికి, దూకుడు లేని ప్రతిచోటా మొత్తం ఆ తరంగం విలువకే చేరుతుంది. దూకే చోట రెండు వైపుల సగటుకు చేరుతుంది. మన ఇన్వర్టర్ తరంగంలో +230కీ -230కీ నడుమ ఆ సగటు సున్నా. పైన రాసిన సూత్రంలో t = 0 పెట్టి చూడండి, ప్రతి పదమూ సున్నాయే.

అయితే ‘ప్రతి బిందువు దగ్గరా చేరుతుంది’ అన్న మాటకూ ‘గీసిన బొమ్మ చదరంలా కనిపిస్తుంది’ అన్న మాటకూ మధ్య ఒక సందు ఉంది. దూకే చోటికి కాస్త పక్కన మొత్తం ఎప్పుడూ ఎక్కువకు పోతుంది. పది పదాలు కలిపితే మొదటి కొమ్ము దూకిన 0.5 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది, వంద పదాలైతే 0.05 మిల్లీసెకన్ల తర్వాత. పదాలు పెంచేకొద్దీ కొమ్ము సన్నబడి మూలకు దగ్గరగా జరుగుతుందే కానీ పొట్టిది కాదు. దాని ఎత్తు చదరపు ఎత్తుకు సుమారు 1.179 రెట్ల దగ్గర నిలిచిపోతుంది, అంటే 230కి బదులు 271. మొత్తం దూకుడుతో పోలిస్తే ఇది సుమారు 9 శాతం. హెన్రీ విల్‌బ్రహామ్ 1848లోనే దీన్ని రాశాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఎనభై పదాలను కలిపే యంత్రాన్ని స్ట్రాటన్‌తో కలిసి తయారుచేసిన మైకెల్సన్, 1898లో దూకుడున్న శ్రేణుల గురించి ‘నేచర్’ పత్రికలో సందేహం లేవనెత్తాడు. సమాధానమిచ్చిన విల్లర్డ్ గిబ్స్ మొదటి లేఖలో ఈ కొమ్మును వదిలేసి, 1899లో సరిదిద్దుకున్నాడు. పేరు మాత్రం ఆయనకే మిగిలింది.

షెడ్డులోని ఇన్వర్టర్‌కు ఆసిలోస్కోప్ తగిలిస్తే మూలల దగ్గర ఇలాంటి కొమ్ములే కనిపించవచ్చు. అవి గిబ్స్ కొమ్ములేనని చెప్పేస్తుంటారు, చాలాసార్లు కాదు. ఇన్వర్టర్ సైన్‌లను ఒక్కొక్కటిగా కూర్చి చదరాన్ని తయారు చేయడం లేదు. అది నేరుగా స్విచ్ వేస్తోంది. ఆ కొమ్ము ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలలోని లీకేజి ఇండక్టెన్స్, చుట్టూ ఉన్న కెపాసిటెన్స్ కలిసి ఊగడం వల్ల వచ్చేది. తేడా పట్టే మార్గం సులువు. గిబ్స్ అలలు దూకుడుకు ముందూ వెనకా సమానంగా ఉంటాయి, ఎందుకంటే అవి పదాలను ఒక చోట కత్తిరించడం వల్ల పుట్టినవి. నిజమైన ఊగు దూకిన తర్వాతే మొదలవుతుంది, కారణానికి ముందు కార్యం ఉండదు కదా. తెర మీద దూకుడుకు ముందే అలలు కనిపిస్తే వాటిని డిజిటల్ స్కోప్ తన లెక్కలో కలిపిందని అనుమానించాలి.

కొమ్మును పోగొట్టే గణితమూ ఉంది. 1900లో ఫెయెర్ అనే హంగరీ యువకుడు ఏ పదమూ లేని సున్నా మొత్తం, ఒక పద మొత్తం, రెండు పదాల మొత్తం ఇలా అన్నిటినీ తీసుకుని సగటు చేస్తే గీత ఎప్పుడూ చదరాన్ని దాటిపోదని చూపాడు. మూలలు మాత్రం మొద్దుబారతాయి. ఇలా పదాలకు బరువులు వేసి శ్రేణిని దారికి తెచ్చే శాస్త్రంలో మన ప్రాంతానికి పెద్ద పేరే ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడిగా పనిచేసిన ఎస్. మీనాక్షిసుందరం ఫూరియే శ్రేణుల సంకలనీయతపై చేసిన కృషి, చంద్రశేఖరన్‌తో కలిసి 1952లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో నేటికీ ఉటంకించేవి. విశాఖలో చదివిన గణిత విద్యార్థులకు కూడా ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక శక్తి లెక్క. బిందువుల దగ్గర మందకొడిగా చేరే ఈ శ్రేణి, శక్తి విషయంలో చురుకైనది. ఎత్తులు 1, 1/3, 1/5 గా తగ్గితే శక్తి వాటి వర్గాలుగా, 1, 1/9, 1/25 గా తగ్గుతుంది. నిరోధం మీద చూస్తే మొత్తం శక్తిలో 81 శాతం మొదటి సైన్‌దే. మూడోది 9 శాతం, ఐదోది 3.2, ఏడోది 1.65. నాలుగు పదాలకే 95 శాతం ముగిసింది. 230 వోల్టుల చదరంలో 50 హెర్ట్జ్ భాగం ఆర్‌ఎంఎస్ విలువ 207 వోల్టులు, 150 హెర్ట్జ్‌ది 69, 250 హెర్ట్జ్‌ది 41. ఫ్యాను వేగం తగ్గడానికి కారణం ఇక్కడే ఉంది. దాన్ని పనికొచ్చేలా తిప్పేది 207 వోల్టుల భాగమే. 69 వోల్టుల 150 హెర్ట్జ్ భాగం తిప్పడానికి దాదాపు అక్కరకు రాదు, వేడిగా మారుతుంది. పైగా 50, 150 రెండూ ఇనుములో కలిసి 100, 200 హెర్ట్జ్‌ల దగ్గర అదురు పుట్టిస్తాయి. మనకు వినిపించే గుయ్ అదే.

మీటరు ఎందుకు మోసపోయిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. చౌక మల్టీమీటర్ నిజంగా కొలిచేది సగటును. సైన్ అనే నమ్మకంతో దాన్ని 1.11తో గుణించి చూపిస్తుంది. 230 వోల్టుల చదరానికి సగటు కూడా 230 కాబట్టి అది 255 చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ 230 చూపిస్తుంది. ఒకే ప్లగ్గులో రెండు మీటర్లు 25 వోల్టుల తేడాతో చెబితే ఆ తరంగం సైన్ కాదని అర్థం. స్కోప్ లేని పల్లెలో ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు.

‘హార్మోనిక్స్ నిజంగా ఉన్నాయా, మనం లెక్క కోసం ఊహించుకున్నవా?’ అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. నా జవాబు కాయిల్, కెపాసిటర్ల దగ్గర ఉంది. కాయిల్ పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఎక్కువ అడ్డుకుంటుంది. మూడో హార్మోనిక్ వోల్టేజి మూడో వంతు, అడ్డు మూడింతలు, కాబట్టి కరెంటు తొమ్మిదో వంతు. ఐదోది ఇరవై ఐదో వంతు. ఆ మొత్తం గీస్తే చదరం కాదు, త్రిభుజం వస్తుంది. స్కోప్‌లో కాయిల్ కరెంటు అలాగే కనిపిస్తుంది. కెపాసిటర్ సరిగ్గా దీనికి ఎదురు. దానికి మూడో హార్మోనిక్ వోల్టేజి మూడో వంతు, దారి మూడింతలు సులువు, కాబట్టి కరెంటు మొదటిదానితో సమానం. ఐదోదీ సమానమే, ఏడోదీ సమానమే. ఏ పదమూ తగ్గదు! ఆదర్శ చదరాన్ని నేరుగా కెపాసిటర్‌కు ఇస్తే ప్రతి దూకుడు దగ్గరా సన్నటి, భయంకరమైన కరెంటు ముల్లు వస్తుంది. దాన్ని ఆపేవి తీగల నిరోధం, దూకడానికి పట్టే కొద్దిపాటి సమయం మాత్రమే. పాత ట్యూబులైటు పట్టీలో లైనుకు అడ్డంగా ఉండే కెపాసిటర్ ఇలాంటి ఇన్వర్టర్ మీద త్వరగా చెడిపోవడం అందుకే. ఫ్యాను కెపాసిటర్ చుట్టతో వరుసలో ఉంటుంది కాబట్టి ఆ చుట్ట దాన్ని కొంత కాపాడుతుంది. ఒకే తరంగంలోంచి రెండు పరికరాలు రెండు వేర్వేరు లెక్కలు తీసుకుంటున్నాయి. హార్మోనిక్స్ మన కాగితం మీదే ఉంటే ఇలా జరగదు.

నివారణలో కూడా ఇదే గణితం. చదరాన్ని ప్రతి సగంలోనూ మొదట 30 డిగ్రీలు, చివర 30 డిగ్రీలు సున్నా దగ్గర ఆపి, నడుమ 120 డిగ్రీలు మాత్రమే పైకి ఉంచితే n-వ హార్మోనిక్ cos(30°·n) తో గుణించబడుతుంది. n = 3 అయితే cos 90°, అంటే సున్నా. మూడో హార్మోనిక్, దానితోపాటు తొమ్మిదోది, పదిహేనోది పూర్తిగా మాయమవుతాయి. బజారులో ‘మాడిఫైడ్ సైన్ వేవ్’ అని అమ్మే ఇన్వర్టర్ల వెనకున్న ఆలోచన ఇదే. 230 ఆర్‌ఎంఎస్ కావాలంటే శిఖరం 282 వోల్టులు ఉండాలి. అప్పుడు 50 హెర్ట్జ్ భాగం 207 నుంచి సుమారు 220కి పెరుగుతుంది. మొదటి భాగంతో పోల్చిన హార్మోనిక్ మొత్తం 48 శాతం నుంచి 31 శాతానికి దిగుతుంది. ఇక్కడ సగటు మీటర్ ఎదురువైపు తప్పుతుంది, 209 మాత్రమే చూపిస్తుంది. బ్యాటరీ దిగేకొద్దీ కొన్ని ఇన్వర్టర్లు ఆ సున్నా ఖాళీని కుదించి వోల్టేజిని నిలబెడతాయి. అప్పుడు కోణం 30 డిగ్రీలు ఉండదు, మూడో హార్మోనిక్ తిరిగి వస్తుంది. సాయంత్రం నిశ్శబ్దంగా ఉన్న ఫ్యాను తెల్లవారుజామున గుయ్‌మనడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఆ 120 డిగ్రీల ఆకారమే గుంటల దగ్గర మరోచోట, ఈసారి వోల్టేజిగా కాక కరెంటుగా ఎదురవుతుంది. మూడు ఫేజుల మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవ్ పెడితే, దాని ముందున్న ఆరు డయోడ్లు లైను నుంచి దాదాపు ఇదే ఆకారంలో కరెంటు లాగుతాయి. మూడోది ఉండదు, ఐదోది 20 శాతం, ఏడోది 14 శాతం. చోక్ లేని చిన్న డ్రైవ్‌లలో ఐదోది ఇంకా చాలా ఎక్కువ. ఒక లెక్క వేద్దాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని ఇంపీడెన్స్ 4 శాతం అనుకుంటే షార్ట్‌సర్క్యూట్ సామర్థ్యం 2500 కేవీఏ. పవర్ ఫ్యాక్టర్ కోసం దాని కింద 50 కేవీఏఆర్ కెపాసిటర్లు ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్, కెపాసిటర్లు కలిసి ఊగే హార్మోనిక్ సంఖ్య 2500/50 కి వర్గమూలం, సుమారు 7. డ్రైవ్ పంపే ఏడో హార్మోనిక్ సరిగ్గా ఆ ఊగు మీదే పడుతుంది. ఉప్పుగాలిలో ఫ్యూజులు పోతున్నాయని అనుకుంటూ మార్చిన కెపాసిటర్లనే మళ్లీ మార్చే చోట, క్లాంప్ మీటర్ కెపాసిటర్ మీద రాసి ఉన్న దానికంటే బాగా ఎక్కువ కరెంటు చూపిస్తుందేమో చూడాలి. డ్రైవ్ ఆపగానే అది తగ్గితే దోషం గాలిది కాదు. కెపాసిటర్లను సగానికి తగ్గిస్తే ఊగు 10వ హార్మోనిక్ దగ్గరకు జరుగుతుంది, అక్కడ ఈ డ్రైవ్‌ల నుంచి ఏమీ రాదు. వరుసలో చిన్న రియాక్టర్ పెట్టడం ఇంకా భద్రం.

ఇంతవరకు చూసినవన్నీ ఒకే ఆవృత్తికి పూర్ణాంక రెట్లు. సముద్రం దగ్గరకు వచ్చేసరికి ఆ సౌకర్యం ఉండదు, ఫూరియే శ్రేణి హద్దు అక్కడ తెలుస్తుంది. కృష్ణపట్నం దగ్గరి పోటుపాటులో ప్రధానమైన చంద్ర భాగం ఆవృత్తి 12 గంటల 25 నిమిషాలు, సూర్య భాగానిది సరిగ్గా 12 గంటలు. ఒకటి మరొకదానికి హార్మోనిక్ కాదు, కాబట్టి పోటు ఎన్నడూ అచ్చంగా పునరావృతం కాదు. అయినా ప్రతి భాగాన్నీ సైన్‌గానే తీసుకుని కెల్విన్ లెక్కలు చేశాడు. భారత ఓడరేవుల పోటు పట్టికల కోసం ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో కప్పీలు, తాడుతో ఆ సైన్‌లను కలిపే యంత్రాన్ని రూపొందించాడు. నిజమైన హార్మోనిక్స్ ఇక్కడా ఉన్నాయి, కాకపోతే లోతులేని చోట పుడతాయి. కండలేరు క్రీక్ వంటి లోతు తక్కువ నీళ్లలో పోటు శిఖరం కింద లోతు ఎక్కువ కాబట్టి అది పాటు కంటే వేగంగా కదులుతుంది. నీరు త్వరగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఆ ఒరిగిన ఆకారాన్ని విడగొడితే చంద్ర భాగానికి సరిగ్గా రెండింతల పౌనఃపున్యమున్న, 6 గంటల 12 నిమిషాల భాగం బయటపడుతుంది. చదరపు తరంగంలో రెండోది లేకపోవడానికి పై సగం, కింది సగం ఒకేలా ఉండడం కారణం. క్రీక్‌లో ఆ సమానత్వం చెడింది, రెండోది వచ్చింది.

గుంటలోకి నీరు ఎక్కించే వేళను క్రీక్ కొలతలతో తామే లెక్కగట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక రోజు కొలత రాసి విడగొడితే చంద్ర, సూర్య భాగాలు విడిపోవు, రెండూ కలిసి ఒకే సైన్‌లా కనిపిస్తాయి. అవి ఒకదానికొకటి ఎదురై మళ్లీ కలుసుకోవడానికి 14.77 రోజులు పడుతుంది. అమావాస్య పోటు నుంచి పౌర్ణమి పోటు దాకా ఉన్న వ్యవధి అదే. కాబట్టి కనీసం అంతకాలం, గంటగంటకూ నీటిమట్టం రాస్తేనే లెక్క ఆ రెంటినీ వేరుచేయగలదు.